ప్రాణులు కట్టిన నేల

తెలుగువారికి పగడమంటే ఎరుపు. అది నవరత్నాలలో ఒకటి. ముత్తయిదువ మెడలో నల్లపూసల నడుమ కూర్చిన పూస. కావ్యనాయిక పెదవికి ఉపమానం. సంస్కృతం దానికి ప్రవాళమనీ విద్రుమమనీ పేర్లు పెట్టింది. అయితే ఆభరణాలలోకి వచ్చే ఆ ఎర్రపగడం మధ్యధరా సముద్రం వంటి చోట్ల, ఎండ అంతగా చొరని చల్లని లోతులలో పెరుగుతుంది. దాని ఎరుపు దాని ఎముకలోనే ఉన్నది. అందుచేత ఆ ప్రాణి చనిపోయినా, దాని ఎముకను సానపట్టి పూస చేసినా, ఆ రంగు తరతరాల వరకు మాయదు.

దీవులను నిర్మించే పగడాలు దీనికి దాయాదులే కాని, వీటి తీరు వేరు. ఇవి వేడినీళ్ళలో, ఎండ బాగా సోకే తక్కువ లోతులలో బ్రతుకుతవి. ఊదా, గోధుమ, పసుపు, ఆకుపచ్చ రంగులతో సముద్రం అడుగున తోట వేసినట్లు కనిపిస్తవి. కాని వీటి ఎముక మాత్రం సున్నం వలె తెల్లనిది. రంగంతా పైనున్న పలుచని మాంసంలో ఉన్నది. అందులోనూ అధికభాగం పగడానికి సొంతం కాదు, ఇంట చేరిన అతిథులది. ఆ అతిథులు వెళ్ళిపోయిననాడు పగడం తెల్లబారుతుంది. ఈ తెలుపు ఎందుకు వస్తుందో, వస్తే ఏమవుతుందో తెలుసుకోవాలంటే ముందు ఆ ప్రాణి తన ఇల్లు ఎట్లా కట్టుకొంటుందో చూడవలసి ఉంటుంది. అందుకు మన దేశంలో లక్షదీవులకంటె తగిన చోటు లేదు. ఏలనంటే అక్కడ ప్రజలు కాపురముంటున్న నేల యావత్తూ ఆ ప్రాణులు కట్టినదే.

కేరళ తీరానికి పడమరగా, 200 మొదలు 400 కిలోమీటర్ల వరకు అరేబియా సముద్రంలో చెదరి ఉన్న చిన్న దీవులవి. అన్నిటినీ కలిపినా నేల విస్తీర్ణం సుమారు 32 చదరపు కిలోమీటర్లే. అందులో జనం నివసించేవి పది: కవరత్తి, అగత్తి, కడమత్, మినికాయ్ మొదలైనవి. ఎక్కడ నిలబడినా సముద్రమట్టానికి ఒకటి రెండు మీటర్లకు మించి ఎత్తు ఉండదు. కొండ లేదు, ఏరు లేదు, బండరాయి లేదు. తెల్లని ఇసుక, కొబ్బరితోపులు, వాటి పక్కన పచ్చనీలపు నిశ్చలమైన మడుగు, ఆ మడుగు అంచున అలలు విరిగే తెల్లని గీత. ఆ గీత కిందనే ప్రవాళ భిత్తిక ఉన్నది. సముద్రం ఎంత ఉగ్రంగా వచ్చినా దాని బలంలో అధికభాగం ఆ గోడకు తగిలి అక్కడే చెదరిపోతుంది. గోడకు లోపల పిల్లలు ఈదులాడుతారు. గోడకు వెలుపల కొద్ది దూరంలోనే అడుగు తెలియని అగాధం.

ఇట్లా వలయంగా మడుగును చుట్టిన భిత్తికను ప్రపంచమంతా అటోల్ అంటున్నది. ఆ మాట మాల్దీవుల భాషనుంచి వెళ్ళినది. మినికాయ్ ప్రజలు మాట్లాడే మహల్ కూడ ఆ భాషకు చెందినదే కనుక, ఈ పదం ఒక విధంగా మన ఇంటిమాటే.

ఈ గోడ కట్టే పనివాడు బియ్యపుగింజంత ఉంటాడు. వానిని పాలిప్ అంటారు. మెత్తని సంచి వంటి శరీరం. పైన ఒక నోరు. నోటి చుట్టూ చిన్న చిన్న చేతుల వరుస. ఆ చేతులలో విషపు ముళ్ళుంటవి. రాత్రివేళ వాటిని చాచి నీటిలో తేలివచ్చే సూక్ష్మజీవులను పట్టి తింటుంది. తన పాదం కింద సముద్రజలంలోని కాల్షియమును, కార్బనేటును కూర్చి సున్నపురాతి గిన్నె నొకదానిని నిర్మించుకొంటుంది. కొంతకాలానికి కింద మరొక పొర వేసి తాను పైకి జరుగుతుంది. ఒక పాలిప్ రెండవుతుంది, రెండు నాలుగవుతవి. అన్నీ ఒకదానితో ఒకటి చర్మం కలిసి ఒకే కుటుంబంగా ఉంటవి. ఒక పెద్ద పగడపు బండ మీద ప్రాణం ఉన్నది పైపొరలో మాత్రమే. లోపలిదంతా పూర్వులు వదిలిపోయిన ఎముక.

పెరుగుదల జాతిని బట్టి ఉంటుంది. బండలవలె పెరిగే జాతులు ఏడాదికి సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతవి. జింకకొమ్ములవలె కొమ్మలు చాచేవి, బల్లలవలె పరచుకొనేవి పది సెంటీమీటర్లు, ఒక్కొక్కప్పుడు అంతకంటె ఎక్కువ కూడ పెరుగుతవి. కాని ఒక పగడం పెరగడం వేరు, భిత్తిక పెరగడం వేరు. తుఫానులు కొమ్మలను విరుస్తవి. చిలుకచేపలు గట్టి ముక్కుతో రాతిని కొరికి, లోని నాచును తిని, మిగిలినదానిని తెల్లని ఇసుకగా విసర్జిస్తవి. లక్షదీవుల ఇసుకలో మంచి భాగం ఈ విధంగా చేపల కడుపులోనుంచి వచ్చినదే. ఇంకొకవైపు, రాతిపై గులాబిరంగు పెచ్చులుగా పెరిగే ఒక జాతి శైవలం ఈ ముక్కలను, ఇసుకను సున్నంతో అతికి గట్టిపరుస్తుంది. కట్టడం, విరగడం, అతకడం ఈ మూడూ పోగా చివరకు భిత్తిక ఎత్తు పెరిగేది ఏడాదికి కొద్ది మిల్లీమీటర్లు మాత్రమే. ఈ కొద్ది మిల్లీమీటర్ల లెక్కను పాఠకుడు గుర్తుంచుకోవాలి. దీవి భవిష్యత్తు దానిమీద ఆధారపడి ఉన్నది.

ఇంత చిన్న ప్రాణికి ఇంత కట్టడం కట్టే బలం ఎక్కడిది? వేడి సముద్రాల నీరు చూడడానికి అద్దంవలె నిర్మలంగా ఉంటుంది. నిర్మలమంటే ఆహారం లేనిదని అర్థం. ఆ ఎడారిలో పగడం బ్రతకడానికి ఒక ఒడంబడిక చేసుకొన్నది. దాని మాంసపు కణాలలోపల ఏకకణ శైవలాలు కాపురముంటవి. వాటికి శాస్త్రజ్ఞులు పెట్టిన వాడుకపేరు జూజాంథెల్లే. ఒక చదరపు సెంటీమీటరు పగడపు చర్మంలో అవి పది లక్షలకు పైగా ఉండడం సాధారణం. పగడం వాటికి ఇల్లు, రక్షణ, తన విసర్జనలలోని నత్రజని, కర్బన వాయువు ఇస్తుంది. అవి ఎండను పట్టి చక్కెరలు వండి, అందులో ఎక్కువ భాగం యజమానికి అప్పగిస్తవి. పగడానికి కావలసిన శక్తిలో 90 శాతం వరకు ఈ వంటింటినుంచే వస్తుంది. సున్నపురాయి వేగంగా కట్టడానికి కావలసిన సత్తువా ఇదే.

ఈ ఒడంబడికనుంచే పగడానికి ఉన్న పరిమితులన్నీ పుట్టినవి. శైవలానికి ఎండ కావాలి. కనుక భిత్తికను కట్టే పగడాలు కొన్ని పదుల మీటర్ల లోతు దాటి వర్ధిల్లవు. ఎండ లోపలికి దిగడానికి నీరు తేటగా ఉండాలి. కనుక నదులు ఒండ్రు తెచ్చిపోసే తీరాలలో భిత్తికలు లేవు. గోదావరీ కృష్ణలు బురదనీరు కలిపే ఆంధ్రతీరంలో పగడపు దీవులు కనపడకపోవడానికి కారణం ఇదే. శీతకాలంలో నీరు 18 డిగ్రీలకంటె దిగువకు దీర్ఘకాలం పడిపోయే చోట్ల కూడ అవి భిత్తికలు కట్టలేవు. ఎండ, తేట, వెచ్చదనం మూడూ కలిసిన చోటనే ఈ కట్టడం సాగుతుంది.

ఇక్కడ ఒక చిక్కు వచ్చింది. నిస్సారమైన లోతులలోనే బ్రతికే ప్రాణి, వేల అడుగుల అగాధంలోనుంచి లేచే గోడను ఎట్లా కట్టింది? పందొమ్మిదవ శతాబ్దపు ఆరంభంలో కొందరు విద్వాంసులు, సముద్రంలో మునిగిన అగ్నిపర్వతాల నోళ్ళ అంచులమీద పగడాలు మొలిచి ఉంటవని ఊహించారు. వలయాకారానికి ఆ సమాధానం నప్పుతుంది. కాని మాల్దీవులలోని కొన్ని అటోల్‌లు ఎంత విశాలమైనవంటే, అంత నోరు గల అగ్నిపర్వతాన్ని ప్రతిదానికీ ఊహించడం కష్టం.

ఛార్లెస్ డార్విన్ దీనికి మరొక సమాధానం ఆలోచించాడు. దక్షిణ అమెరికా పశ్చిమతీరంలో నేల పైకి లేచిన గుర్తులు చూస్తూ, ఒకచోట నేల లేస్తే మరొకచోట కుంగవలె కదా అని తర్కించాడు. అప్పటికి ఆయన నిజమైన పగడపు దీవిని ఒక్కదానిని కూడ చూచి ఉండలేదు. తరువాత 1836 ఏప్రిల్‌లో బీగిల్ నౌక హిందూ మహాసముద్రంలోని కీలింగ్ దీవులను చేరింది. నౌకాధిపతి ఫిట్జ్‌రాయ్ సీసపుగుండు అడుగున కొవ్వు పూసి, తాడు కట్టి, భిత్తిక వెలుపల జారవిడిచాడు. పది బారలలోపు లోతులో గుండు పైకి వచ్చినప్పుడల్లా కొవ్వుమీద జీవించి ఉన్న పగడాల ముద్రలున్నవి; ఇసుక మాత్రం అంటలేదు. లోతుకు పోయినకొద్దీ ముద్రలు తగ్గి ఇసుక రేణువులు పెరిగినవి. చివరకు వట్టి ఇసుకే వచ్చింది. తీరానికి రెండు కిలోమీటర్ల దూరంలో 7,200 అడుగుల తాడు వదిలినా అడుగు తగలలేదు. ఒక కొవ్వు ముద్ద ఆ ప్రాణి బ్రతికే లోతును, ఒక తాడు దాని కట్టడపు ఎత్తును చెప్పినవి. రెంటికీ పొంతన కుదరాలంటే ఒకటే మార్గం: గోడ పైకి పెరుగుతున్నంత కాలమూ దాని పునాది కిందికి దిగుతూ ఉండాలి.

1842లో ప్రచురించిన గ్రంథంలో డార్విన్ దీనిని మూడు దశలుగా వివరించాడు. సముద్రంలో ఒక అగ్నిపర్వతం లేచి దీవి అవుతుంది. దాని ఒడ్డును అంటుకొని పగడాలు అంచు కడతవి. ఇది మొదటి దశ. పర్వతం చల్లారి తన బరువుతో మెల్లగా కుంగుతుంది. పగడాలు ఎండకోసం పైకి పైకి కడుతూ పోతవి. అంచుకూ ఒడ్డుకూ నడుమ నీరు చేరుతుంది. ఇది రెండవది. చివరకు పర్వతశిఖరం కూడ మునిగిపోతుంది; దాని చుట్టూ కట్టిన వలయం మాత్రం నీటి పైభాగాన నిలిచి, మధ్య మడుగు మిగులుతుంది. ఇది మూడవది; ఇదే అటోల్. మరణించిన పర్వతానికి ప్రాణులు కట్టిన స్మారకమన్న మాట.

ఈ ఊహను తేల్చడానికి తవ్విచూడడమే దారి. పసిఫిక్‌లోని ఫునాఫుటి దీవిలో 1896 నుంచి 1898 వరకు శ్రమపడి 1,114 అడుగులు తవ్వారు. అంతా పగడపు సున్నమే కాని అడుగున అగ్నిశిల తగలలేదు. 1952లో ఎనివెటాక్ అటోల్‌లో తవ్వినప్పుడు, ఒకచోట దాదాపు 1,400 మీటర్ల సున్నపురాతి కింద నల్లని అగ్నిశిల తగిలింది. పుస్తకం వెలువడిన 110 సంవత్సరాలకు పునాది దొరికింది. అయితే తరువాతి పరిశోధన ఈ సిద్ధాంతానికి ఒక సవరణ చేర్చింది. మంచుయుగాలలో సముద్రమట్టం నూరు మీటర్లకు మించి పడిపోయి, మళ్ళీ లేచింది. మట్టం పడినప్పుడు గాలికి తేలిన భిత్తికలను వానలు కరిగించినవి. లేచినప్పుడు పాత శిథిలాలమీద పగడాలు మళ్ళీ కట్టినవి. నేడు కనిపించే మడుగుల, వలయాల రూపంలో ఈ ఎత్తుపల్లాల పాత్ర చాలా ఉన్నది. పునాది కుంగడం, సముద్రం ఆడడం రెండూ కలిసినవే ఈ దీవులు.

లక్షదీవుల పునాదికి తెలుగునేలతో ఒక చుట్టరికం ఉన్నది. సుమారు 6 కోట్ల 60 లక్షల సంవత్సరాల క్రిందట, భూగర్భంనుంచి ఉబికిన లావా దక్కనును కప్పింది. ఆదిలాబాదు ప్రాంతంలో, జహీరాబాదు, వికారాబాదు పరిసరాలలో కనిపించే నల్లరాయి దాని శేషమే. భారతభూభాగం ఉత్తరంగా కదలిపోతుండగా, అదే అగ్నిస్థానం వెనుక సముద్రగర్భంలో ఒక పొడుగైన గట్టును విడిచింది. ఆ గట్టుమీదనే లక్షదీవులు, మాల్దీవులు, ఛాగోస్ దీవులు వరుసగా నిలిచి ఉన్నవి. ఆ నిప్పు ఇంకా ఆరలేదు. ఈనాడు రియూనియన్ దీవిలో మండుతున్నది. తెలంగాణ రైతు నల్లరేగడి దున్నుతున్నప్పుడూ, అగత్తి జాలరి మడుగులో పడవ నడుపుతున్నప్పుడూ వారి అడుగున ఉన్నది ఒకే నిప్పు మిగిల్చిన రాయి.

కోట్ల సంవత్సరాలుగా సాగిన కట్టడానికి ఇప్పుడు కొద్ది వారాలలో వచ్చిన కీడేమిటి?

పగడం తన సుఖానికి ఎంత దగ్గరగా బ్రతుకుతుందో, తన మరణానికీ అంత దగ్గరగా బ్రతుకుతుంది. ప్రతి చోటి పగడమూ ఆ చోటి వేసవికి అలవాటుపడి ఉంటుంది. ఏడాదిలో అతివేడి నెలలో అక్కడి నీటికి ఉండే సగటు వేడిమిని మించి ఒక్క డిగ్రీ పెరిగి, ఆ వేడి కొన్ని వారాలు నిలిస్తే చాలు, ఒడంబడిక చెదరుతుంది. దీనిలో ఎండకు కూడ భాగమున్నది. శైవలం వెలుగును పట్టి చక్కెరగా మార్చే యంత్రాంగం అధికమైన వేడికి దెబ్బతింటుంది. వెలుగు మాత్రం వస్తూనే ఉంటుంది. వాడుకోవడానికి వీలులేని ఆ శక్తి ప్రాణవాయువును తీవ్రమైన విషరూపాలుగా మారుస్తుంది. అవి శైవలపు కణాన్నీ, దానికి ఇల్లిచ్చిన పగడపు కణాన్నీ కాలుస్తవి. నిన్నటి వరకు అన్నం వండిపెట్టిన వంటవాడు ఇంటికి నిప్పు పెట్టినట్లవుతుంది. అప్పుడు పగడం తన అతిథులను బయటికి నెట్టివేస్తుంది. గోధుమరంగు పోతుంది. పారదర్శకమైన మాంసంలోనుంచి లోపలి తెల్లని ఎముక కనిపిస్తుంది. తెల్లబారడమంటే ఇదే.

ఇక్కడ సామాన్యంగా జరిగే పొరపాటు ఒకటి ఉన్నది. తెల్లబారిన పగడం చచ్చిన పగడం కాదు. దగ్గరకుపోయి చూస్తే ఎముకమీద గాజుపొరవంటి మాంసం ఇంకా ఉంటుంది; పాలిప్ చేతులు కూడ కనిపిస్తవి. అది ఆకలితో ఉన్నది, అంతే. నిల్వచేసుకొన్న కొవ్వుతోను, రాత్రులు పట్టిన తిండితోను కొన్ని వారాలు నెట్టుకొస్తుంది. ఈలోగా నీరు చల్లబడితే, మిగిలిన కొద్దిపాటి శైవలాలు మళ్ళీ పెరిగి కొన్ని నెలలలో రంగు తిరిగివస్తుంది. కాని ఆ ఏడు పెరుగుదల తగ్గుతుంది, సంతానం తగ్గుతుంది, రోగాలకు లోనవుతుంది. వేడి తగ్గకపోతే మాంసం కరిగిపోతుంది. అప్పుడు గిన్నెల అంచులు పదునుగా, ఖాళీగా కనిపిస్తవి. కొద్దిరోజులలోనే ఆ ఎముకమీద నూగువంటి నాచు పట్టి తెలుపు మాసి, ఆకుపచ్చ కలిసిన గోధుమరంగుకు మారుతుంది. కనుక మెరిసే తెలుపు ఆశ ఇంకా ఉన్నదనడానికి గుర్తు. మాసిన రంగు ఆశ పోయిందనడానికి గుర్తు. ముళ్ళ నక్షత్రచేప తిన్నప్పుడు కూడ పగడం తెల్లగా కనిపిస్తుంది. కాని అక్కడ తిన్న మేర ఒక స్పష్టమైన గీతతో ఆగుతుంది, ఆ తెలుపుమీద మాంసమే ఉండదు. వేడివల్ల వచ్చిన తెలుపు ఒకే కాలంలో, ఎన్నో జాతులలో, మైళ్ళకొద్దీ వ్యాపిస్తుంది.

ఈ వేడిని కొలవడానికి ఒక సులభమైన లెక్క ఏర్పడింది. వేడి ఎంత పెరిగిందన్నదే కాక, ఎన్నివారాలు నిలిచిందన్నది కూడ దానిలో చేరుతుంది. ఒక దీవి దగ్గర అతివేడి నెల సగటు 30 డిగ్రీలనుకొందాం. నీరు 31 డిగ్రీలకు చేరి రెండు వారాలుంటే, ఒకటి చొప్పున రెండు. తరువాత 31.5కు పెరిగి నాలుగు వారాలుంటే, ఒకటిన్నర చొప్పున ఆరు. మొత్తం ఎనిమిది. వెనుకటి పన్నెండు వారాలలో ఈ మొత్తం నాలుగు చేరితే తెల్లబారడం కనిపించవచ్చును. ఎనిమిది చేరితే మరణాలు విస్తారంగా ఉండవచ్చును. ఉపగ్రహాలు సముద్రపు పైపొర వేడిని చూసి ఈ లెక్క కడుతున్నవి. ఇది హెచ్చరిక మాత్రమే, తీర్పు కాదు. మబ్బు కమ్మితే అదే వేడికి దెబ్బ తగ్గుతుంది. లోతునుంచి చల్లని నీరు లేచే చోట పగడం తప్పించుకొంటుంది. బండలవంటి జాతులు ఓర్చుకొన్నదానికి కొమ్మలజాతులు ఓర్వవు.

లక్షదీవుల దగ్గర ఈ లెక్క ఋతువులతో ముడిపడి ఉన్నది. ఏప్రిల్, మే నెలలలో ఆగ్నేయ అరేబియా సముద్రం ప్రపంచంలోని అతివేడి జలాలలో ఒకటి. ఆకాశం నిర్మలం, గాలి స్తంభించి ఉంటుంది, ఎండ నిట్టనిలువుగా దిగుతుంది. పగడం ఏటేటా ఆ జ్వరాన్ని సహించి ఋతుపవనం కోసం ఎదురుచూస్తుంది. జూన్‌లో మబ్బులు వచ్చి ఎండను మరుగుపరుస్తవి. గాలి పైనీటిని కిందినీటితో కలిపి చల్లబరుస్తుంది. వానకోసం మెట్టరైతు చూసే చూపుకూ, పగడపు నిరీక్షణకూ భేదం లేదు. అయితే పసిఫిక్‌లో ఎల్‌నినో వచ్చిన మరుసటి వసంతంలో హిందూ మహాసముద్రం కూడ మామూలుకంటె వేడెక్కుతుంది. అసలే అంచున ఉన్న వేసవి అప్పుడు అంచు దాటుతుంది.

1998లో అదే జరిగింది. 1997లో లేచిన ప్రబలమైన ఎల్‌నినో తరువాత, లక్షదీవుల మడుగులలో ఉన్న పగడాలలో 82 శాతం తెల్లబారినట్లు రోహన్ ఆర్థర్ పరిశీలించాడు. వేడివల్ల మరణించిన భాగం 26 శాతం. అదే ఏడు మన్నారు సింధుశాఖలో 89 శాతం తెల్లబారగా, కచ్ సింధుశాఖలో 11 శాతమే తెల్లబారినవి. కచ్‌లోని పగడాలు విపరీతమైన చలికీ వేడికీ మురికినీటికీ ముందే అలవాటుపడినవి. అవి జాతులలో తక్కువ, మొండితనంలో ఎక్కువ.

లక్షదీవులు ఆ దెబ్బనుంచి కోలుకోసాగినవి. కాని కోలుకోవడం అన్నిచోట్ల ఒక్కతీరుగా లేదు. ఋతుపవనపు అలలు తాకే పడమటి వైపు పగడాలు త్వరగా తిరిగివచ్చినవి, తూర్పువైపు వెనుకబడినవి. పడమట ముందుగా వచ్చినవి బల్లలవలె పరచుకొనే వేగజాతులు. త్వరగా మొలిచేవి అవే, మళ్ళీ వేడి వస్తే ముందుగా చచ్చేవీ అవే. 2010లో మళ్ళీ వేడి వచ్చింది. 2016లో మరల వచ్చింది. అగత్తి, కడమత్, కవరత్తి భిత్తికలను 1998 నుంచి 2022 వరకు 24 సంవత్సరాలపాటు గమనించినవారి లెక్క ప్రకారం, అడుగును కప్పిన సజీవ పగడం దాదాపు 37 శాతం నుంచి 19 శాతానికి దిగిపోయింది. ప్రతి దెబ్బలోనూ మరణాలు క్రమంగా తగ్గినవి. బలహీనులు ముందే పోయి, ఓర్చుకొనేవి మిగిలినవన్న మాట. కాని కోలుకొనే వేగం పెరగాలంటే, ఒక దెబ్బకూ మరొక దెబ్బకూ నడుమ కనీసం ఆరు సంవత్సరాల విరామం కావలసి వచ్చింది. అసలు కష్టం ఇక్కడ ఉన్నది. పగడాన్ని చంపుతున్నది ఒక్క వేసవి కాదు. వేసవికీ వేసవికీ నడుమ కుదించుకపోతున్న వ్యవధి.

2023 అక్టోబరు చివరనుంచి లక్షదీవుల సముద్రం తిరిగి వేడెక్కింది. 2024 మే నెలలో కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ శాస్త్రజ్ఞులు అక్కడి గట్టి పగడాలు విస్తారంగా తెల్లబారినట్లు తెలిపారు. అంతకు ముందు నెలలోనే, ప్రపంచవ్యాప్తంగా పగడాలు తెల్లబారడం ఇది నాలుగవసారి అని ప్రకటన వెలువడింది. మొదటి మూడు 1998, 2010, 2014 నుంచి 2017. గాలిలో పెరిగిన కర్బనవాయువు పట్టి ఉంచుతున్న అధికపు వేడిలో 90 శాతానికి పైగా సముద్రాలే మింగుతున్నవి. అందుచేత పునాది వేడిమే పెరిగింది. వెనుక ఒక ప్రబలమైన ఎల్‌నినో ఉంటే తప్ప అందని హద్దును, ఇప్పుడు ఒక మామూలు వేసవి అందుకొంటున్నది.

పగడం పోతే మనుష్యునికి పోయేదేమిటి? లక్షదీవులలో ఆ లెక్క ఇంటింటికీ తెలుస్తుంది. మినికాయ్‌నుంచి ఉత్తరపు దీవుల వరకు జాలరుల జీవనం గాలపుకర్రతో పట్టే తూర చేప. నడిసముద్రంలో తూర గుంపును పడవ దగ్గరకు రప్పించడానికి బ్రతికి ఉన్న చిన్న చేపలను ఎరగా చల్లుతారు. ఆ ఎరచేపలు మడుగులో పగడపు కొమ్మల నడుమ దాగి పెరిగేవి. కొమ్మ పోతే ఎర పోతుంది. ఎర పోతే గాలపుకర్ర వట్టి కర్ర. ఇక తాగునీరు. దీవిలో ఏరు లేదు. వాననీరు ఇసుకలో ఇంకి, కింది ఉప్పునీటికంటె తేలికైనది కనుక దానిపై పలుచని పొరగా తేలుతుంది. ఇంటింటి బావిలోని నీరు ఆ పొరనుంచి వచ్చినదే. భిత్తిక అరిగి అలలు లోపలికి వస్తే ఒడ్డు కోసుకపోతుంది, ఆ తీపినీటి పొర ఉప్పవుతుంది. బంగారం అటోల్‌లోని పరళి అనే చిన్న నిర్జన దీవి ఒకటి ఇప్పటికే కోతకు గురియై పూర్తిగా మాయమయింది.

ఇప్పుడు ఆ కొద్ది మిల్లీమీటర్ల లెక్కకు రావలె. సముద్రమట్టం ఈనాడు ఏడాదికి మూడు నాలుగు మిల్లీమీటర్లు లేస్తున్నది. ఆరోగ్యంగా ఉన్న భిత్తిక పరుగులో దానితో సమంగా రాగలదు. లక్షల సంవత్సరాలుగా అది చేసినది అదే. కాని పనివాళ్ళలో సగంమంది పోయిన భిత్తిక రాలేదు. కట్టేవారు తగ్గినా విరిచేవారు తగ్గరు. అలలు, తొలిచే పురుగులు, కొరికే చేపలు తమ పని చేసుకపోతూనే ఉంటవి. అప్పుడు జమకంటె ఖర్చు మించుతుంది. చచ్చిన భిత్తిక వెంటనే కూలదు. కొన్ని సంవత్సరాలు గోడవలెనే నిలిచి ఉంటుంది. ఆ నిలకడ చూసి ఏమీ కాలేదనుకోవడం సులభం.

చేయదగినది లేకపోలేదు. లక్షదీవులవారు తరతరాలుగా నడిసముద్రపు తూరనే తినడంవల్ల, భిత్తికమీది చేపలు చాలావరకు మిగిలినవి. చిలుకచేపలు నాచును కొరికి శుభ్రపరచిన రాతిమీదనే పగడపు పసిబిడ్డలు నిలవగలవు. నాచు అలుముకొన్న రాయి వాటికి దక్కదు. ఇటీవలి సంవత్సరాలలో భిత్తిక చేపలను అమ్మకానికి పట్టడం పెరుగుతున్నది. దానికి హద్దు ఏర్పరచడం, మడుగులలో ఇసుక తవ్వి నీటిని బురద చేయకుండా ఉండడం దీవివారి చేతిలోను, వారిని పాలించేవారి చేతిలోను ఉన్న పనులు. ఇవి పగడం కోలుకొనే వేగాన్ని పెంచుతవి. నర్సరీలలో పెంచి నాటిన కొమ్మలు కూడ కొన్ని గజాల మేర తోటను తిరిగి నిలపగలవు. కాని వచ్చే వేసవి వేడిని ఇవేవీ ఆపలేవు. ఆ వేడి దీవులలో పుట్టినది కాదు. వేల మైళ్ళ దూరంలోని పొగగొట్టాలలో, కొలుములలో, బండ్లలో పుట్టినది. పొగ తగ్గించే శక్తి ఉన్నవారు ఒకచోట, దాని ఫలం అనుభవించేవారు మరొకచోట ఉన్నారు.

డార్విన్ వర్ణించిన పర్వతం లక్షల సంవత్సరాలు కుంగుతూ పోయినా పగడం ఓడిపోలేదు. పునాది కిందికి దిగినంత వేగంగా అది పైకి కట్టుకొంటూ వచ్చింది. మంచుయుగాలలో సముద్రం పడిపోయి తిరిగి లేచినప్పుడు సైతం పాత శిథిలంమీద మళ్ళీ కట్టింది. ప్రతిసారీ దానికి తగిన కాలం దొరికింది. ఈసారి దొరకవలసినది కూడ అదే: ఒక వేసవి చేసిన గాయం మానడానికి ఆరేడు సంవత్సరాల చల్లని నీరు. బియ్యపుగింజంత పనివాడు అడుగుతున్నది అంతకంటె ఎక్కువేమీ కాదు.